ఇంట్లో పెద్దవారు పోయాక పదమూడు రోజులు: ఏ రోజు ఏం చేయాలి, ఎందుకు చేస్తారు

ప్రాణం పోయిందని తెలియగానే, ఏడుపుల మధ్యలోనే అయినా సరే, ఎవరో ఒకరు గడియారం చూసి టైము కాగితం మీద రాసిపెట్టాలి. మా నాన్నగారు పోయినప్పుడు ఆ పని మా పక్కింటి పిన్నిగారు చేశారు. గురువారం సాయంత్రం 6:40. డాక్టరుగారు వచ్చి, చూసి, సర్టిఫికెట్ రాసేసరికి 7:05 అయింది. ఆయన ఆ టైమే వేశారు. ఆ రోజు పంచాంగంలో నవమి 6:52 దాకానే ఉంది, ఆ తర్వాత దశమి. డాక్టరుగారి కాగితం నమ్ముకుని ఉంటే ఏటా నాన్నగారి తద్దినం ఒక తిథి తేడాతో పెట్టేవాళ్ళం. ఆ పన్నెండు నిమిషాల తేడాను ఆవిడ రాసిన చీటీయే చెప్పింది.

కాబట్టి మొదటి పని ఇదే. టైము రాయండి. ఆ తర్వాత తీరిక దొరికినప్పుడు పంచాంగంలో మాసం, పక్షం, తిథి, నక్షత్రం చూసి దాని కిందే రాయండి. నక్షత్రం కూడా ఎందుకంటే, ధనిష్ఠ చివరి రెండు పాదాల నుంచి రేవతి వరకు ఉన్న కాలాన్ని ధనిష్ఠా పంచకం అంటారు. ఆ కాలంలో పోతే ఇంటికి శాంతి చేయించాలని, కొన్నాళ్ళు ఇల్లు మూసిపెట్టాలని పెద్దలు అంటారు. ఈ మాట ఎనిమిదో రోజున ఎవరో గుర్తుచేస్తే ఇంటిల్లిపాదికీ అనవసరమైన టెన్షన్. మొదటిరోజే పురోహితుడిగారిని అడిగి తేల్చుకోండి.

ఇంట్లో పోయినవారికి డాక్టరు రాసిచ్చిన కాగితం శ్మశానంలో అడుగుతారు. మరణ ధృవీకరణ పత్రానికి అదే ఆధారం. 21 రోజుల్లోపు మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో మరణం నమోదు చేయించాలి. ఈ పని కర్మ చేసే కర్త నెత్తిన పెట్టకండి, మైల లేని బంధువు ఒకరికి అప్పగించండి. మా ఇంట్లో మా ఆయన చూసుకున్నారు.

మాది రాజమహేంద్రవరం, ఆపస్తంబ సూత్రం. ఇక్కడ చెప్పేది మా ఇంట్లో జరిగిన పద్ధతి. మీ ఇంట్లో పేర్లు, రోజులు మారవచ్చు. చాలా ఇళ్ళల్లో మూడో రోజున చిన్నకర్మ, పదకొండో రోజునో ఆ దగ్గర్లోనో పెద్దకర్మ చేసి ముగిస్తారు. తెలంగాణలో పిట్టకు పెట్టడం, దినాలు చేయడం అంటారు. వీరశైవుల్లో దహనమే ఉండదు, సమాధి చేస్తారు. అయినా దహనం, పిండం ఉన్న ఇళ్ళన్నిటిలోనూ లోపల నడిచే ఆలోచన ఒకటే. అది ముందు తెలిస్తే తక్కినవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ప్రేత అంటే

మొదటిరోజు పురోహితుడుగారు సంకల్పంలో నాన్నగారి పేరు చెప్పి పక్కనే "ప్రేతస్య" అనేసరికి మా అమ్మ ఉలిక్కిపడింది. నిన్నటిదాకా మనతో కాఫీ తాగిన మనిషిని ప్రేతం అంటారేమిటని బాధ పడింది. మనం వాడుకలో ప్రేతం అంటే దెయ్యం అనుకుంటాం. కానీ ఆ మాటకు అసలు అర్థం "ముందుకు వెళ్ళినవాడు" అని. ఈ ఇల్లు వదిలాడు, పితృదేవతల దగ్గరికి ఇంకా చేరలేదు. దారిలో ఉన్నాడు. ఒంటి మీద బట్ట లేదు, ఒళ్ళే లేదు, చితి వేడికి దాహంగా ఉంది, ఆకలిగా ఉంది, తోడు ఎవరూ లేరు. ఈ పదమూడు రోజుల్లో ఇంటివాళ్ళు చేసే ప్రతి పనీ ఈ లోట్లలో ఒకదాన్ని తీర్చడానికే. దాహానికి నీళ్ళు, ఒంటికి బట్ట, తర్వాత ఒళ్ళు, తర్వాత తోడు. ఈ వరస గుర్తు పెట్టుకోండి.

మొదటి రోజు

మనిషిని మంచం మీద ఉంచకుండా నేల మీద దర్భలు పరిచి, తల దక్షిణం వైపు ఉండేలా పడుకోబెడతారు. దక్షిణం యముడి దిక్కు. తల దగ్గర నువ్వులనూనె దీపం పెడతారు. నోట్లో తులసి తీర్థమో గంగాజలమో పోస్తారు. కాలి బొటనవేళ్ళు కలిపి కడతారు. ఇవన్నీ పెద్దవాళ్ళు చకచకా చేసేస్తారు, మీరు కంగారు పడక్కర్లేదు.

కర్త ఎవరన్నది మాత్రం ముందు తేల్చుకోవాలి. చాలా ఇళ్ళల్లో తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు చేస్తారు. మా అన్నయ్య విదేశం నుంచి రావాలి. అతను వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సులో ఉంచుదామా, తమ్ముడు మొదలుపెట్టేయాలా అని ఆ రాత్రి పెద్ద చర్చే జరిగింది. శుక్రవారం మధ్యాహ్నానికి అన్నయ్య రాగలడని తేలాకే ఆగాం. రెండు మూడు రోజులు పట్టేటట్టయితే ఆగకుండా, ఇక్కడున్న కొడుకు గానీ, లేకపోతే దగ్గరి జ్ఞాతి గానీ దహనం చేసి, పెద్దకొడుకు వచ్చాక మిగతా కర్మ అతని చేత చేయించడం మేలని పురోహితుడుగారు చెప్పారు. కొడుకులు లేని ఇంట్లో భార్య, కూతురు చేయడం ఇప్పుడు చూస్తూనే ఉన్నాం. కూతురు చేస్తానంటే ఒప్పుకునే పురోహితుడిని ఆ రోజే చూసుకోవాలి. మధ్యలో పేచీ వస్తే అందరికీ బాధ.

ఇంకో సంగతి. మీ ఇంట్లో వ్రతాలు, పెళ్ళిళ్ళు చేయించే పురోహితుడు ఇవి చేయించకపోవచ్చు. అపరకర్మలు చేయించేవారు వేరుగా ఉంటారు. తెలిసినవాళ్ళను కనుక్కుని ఫోను చేయండి.

పాడె శ్మశానానికి వెళ్ళే దారిలో ఒకచోట దించుతారు. దాన్నే దింపుడు కళ్ళం అంటారు. కొడుకు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తాడు. ఊపిరి ఏమైనా మిగిలి ఉందేమోనన్న చివరి పరీక్ష అది. అన్నయ్య "నాన్నా" అని పిలిచిన ఆ మూడు పిలుపులూ మా తమ్ముడు ఇప్పటికీ చెబుతాడు. శ్మశానంలో కర్త భుజం మీద నీళ్ళకుండ పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ప్రతి చుట్టుకీ కుండకు ఒక చిల్లు పెడతారు, నీళ్ళు ధారగా పడుతుంటాయి. మూడో చుట్టు అయ్యాక కుండ వెనక్కి వదిలేసి, నిప్పు పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేస్తాడు. ఈ ఇంటి బంధం ఇక్కడితో తెంపి, ఆయన్ను ముందుకు సాగనంపుతున్నామని అర్థం. ఇంటికి వచ్చినవాళ్ళు తలస్నానం చేసి, లోపల వెలుగుతున్న దీపం చూసి, ఆ తర్వాతే ఎక్కడైనా కూర్చోవాలి.

రోజులు లెక్కపెట్టడం

ఇక్కడ చాలామంది తప్పుతారు. దహనం జరిగిన రోజు నుంచి లెక్కపెట్టకూడదు. పోయిన రోజే ఒకటో రోజు. మా నాన్నగారు గురువారం పోయారు, శుక్రవారం దహనం. గురువారం ఒకటి, శుక్రవారం రెండు, శనివారం మూడు, అది అస్థికలు ఏరే సంచయనం. ఆ పై శనివారం పదో రోజు, ఆదివారం పదకొండు, సోమవారం పన్నెండు, మంగళవారం పదమూడు. తమ్ముడు దహనం నుంచి లెక్కవేసి బంధువులకు ఒకరోజు ఆలస్యంగా మెసేజ్ పెట్టేశాడు. మళ్ళీ అందరికీ ఫోన్లు చేయాల్సి వచ్చింది. అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు పోతే ఏ రోజుగా లెక్క అన్నది సంప్రదాయాన్ని బట్టి మారుతుంది. అప్పుడు మీ అంతట మీరు నిర్ణయించకండి, పురోహితుడిని అడగండి.

మైల, దీపం, తిండి

జ్ఞాతులకు పది రోజులు మైల. పెళ్ళయిన ఆడపిల్లకు తల్లిదండ్రులు పోతే మూడు రోజులే. నా మూడు రోజులు శనివారంతో అయిపోయాయి. స్నానం చేసి, నేను విడిగా అయ్యానని అందరూ అన్నారు. పుట్టిన ఇంట్లో నాన్న పోతే నాకు మూడు రోజులేనా అని ఆ పూట చాలా ఏడ్చాను. తర్వాత ఆలోచిస్తే దాంట్లో ఒక వీలు కనిపించింది. మైల ఉన్నవాళ్ళు వంటింట్లోకి, బజారుకి, బ్యాంకుకి తిరగలేరు. నేను తిరగగలను. ఆ పదిరోజులూ ఆ ఇంటిని నడిపింది మైల తీరిన ఆడపిల్లలం, అల్లుళ్ళం.

మైల అంటే మురికి అనుకోవద్దు. పోయినవాడు రెండు లోకాలకూ మధ్యలో ఉన్నట్టే, అతని రక్తసంబంధీకులూ ఈ పదిరోజులు మామూలు లోకానికి బయట ఉంటారు. పూజలు ఉండవు, గుడికి వెళ్ళరు, బొట్టు పెట్టుకోరు, ఎవరింటికీ వెళ్ళరు. ఆఫీసుకు వెళ్ళక్కర్లేదు, నవ్వక్కర్లేదు.

ప్రాణం పోయిన చోట దీపం పది రోజులూ ఆరకుండా చూసుకోవాలి. పక్కన చెంబుతో నీళ్ళు పెడతారు. చీకటి దారిలో ఉన్నవాడికి వెలుగు, దాహానికి నీళ్ళు. ఆ దీపానికి వత్తి ఎగదోయడం మా అమ్మ ఎవరికీ ఇవ్వలేదు. రాత్రి ఫ్యాను గాలికి ఆరిపోతుంటే గోడ మూలకు జరిపి చుట్టూ ఇటుకలు పెట్టాం. ఒకవేళ ఆరినా అపశకునమని బెంబేలు పడకుండా మళ్ళీ వెలిగించండి.

మొదటిరోజు ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్ళు, బంధువులు వండి తెస్తారు. ఆ తర్వాత రోజుల్లో కూడా తాలింపులు, వేపుళ్ళు, తీపి ఉండవు. కర్త ఒంటిపూట తిని, నేల మీద పడుకుంటాడు. మా అన్నయ్యకు షుగరు ఉంది. ఒంటిపూట అంటే మూడో రోజుకే కళ్ళు తిరిగాయి. పురోహితుడుగారే పాలు, పళ్ళు తీసుకోమన్నారు. మందులు వాడేవారు ఉపవాసం గురించి ముందే చెప్పుకోవాలి, దాచకూడదు.

పరామర్శకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. తిరిగి వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాం" అనరు. మౌనంగా లేచి వెళ్ళిపోతారు. ఇంటివాళ్ళూ "మళ్ళీ రండి" అనరు.

మూడో రోజు: సంచయనం

కొందరు రెండో రోజే చేస్తారు. చితి మీద పాలు, నీళ్ళు చల్లి చల్లార్చి, అస్థికలు ఏరి కొత్త కుండలో వేస్తారు. చల్లేటప్పుడు చదివే ఋగ్వేద మంత్రంలో "శీతికే, హ్లాదికే" అన్న మాటలు వస్తాయి. చల్లదనాన్ని, సేదదీర్చే దాన్ని పిలవడం అది. నిన్న మన చేతులతోనే నిప్పు పెట్టాం, ఇవాళ మన చేతులతోనే చల్లబరుస్తాం.

పైకి బూడిద చల్లగా కనిపించినా లోపల నిప్పులు ఉంటాయి. చేయి పెట్టకుండా ముందు నీళ్ళు బాగా చల్లండి. మా పురోహితుడుగారు పాదాల వైపు నుంచి మొదలుపెట్టి తల వైపుకు ఏరించారు. నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయింది, ఆ లోహపు ముక్క బూడిదలో దొరికింది. అది అస్థికల్లో కలపరు, పక్కన పెట్టేస్తారు. ముందే తెలియకపోవడంతో తమ్ముడు దాన్ని చూసి కుదేలైపోయాడు. మీ ఇంట్లో అలాంటి ఆపరేషన్ అయినవారుంటే వెళ్ళేవాళ్ళకు ముందే చెప్పండి.

కుండ మూతికి బట్ట కట్టాలి. ఇంట్లోకి తీసుకురారు. మాకు గోదావరి పక్కనే కాబట్టి ఆ రోజే కోటిలింగాల రేవుకు వెళ్ళి కలిపేశాం. దూరం వాళ్ళు పది రోజుల్లోపు ఏదైనా నదిలో కలపడం మంచిదంటారు. అంతర్వేది దగ్గర, హంసలదీవి దగ్గర నది సముద్రంలో కలిసే చోటు, కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసే చోటు ఎంచుకునేవారూ ఉన్నారు. కాశీకి తీసుకెళ్ళాలనుకుంటే కొంచెం విడిగా దాచుకోవచ్చు. కుండ, బట్ట నీళ్ళల్లో వదలకుండా అస్థికలు మాత్రమే వదలండి.

పది రోజులు, పది పిండాలు

అసలు పని ఇక్కడుంది. కర్త రోజూ నది ఒడ్డుకో, నీళ్ళున్న చోటికో వెళ్ళి చేసేది నిత్యవిధి. ఒక చిన్న రాయిలో ప్రేతను ఆవాహన చేస్తారు. తడిబట్టను ఆ రాయి మీద పిండుతారు, అది వాసోదకం. నువ్వులు కలిపిన నీళ్ళు వదులుతారు, అది తిలోదకం. రెండూ చితి తాపానికీ, దాహానికీ. బట్టలు దానం ఇస్తారు, దానికి నగ్నప్రచ్ఛాదనం అని పేరు. ఒంటి మీద బట్ట లేనివాడికి బట్ట కప్పడం అన్నమాట.

నీళ్ళు వదిలే తీరు నేర్చుకోండి. దేవుడికి వేళ్ళ చివరి నుంచి వదులుతాం. పితృకార్యంలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారవిడవాలి. జంధ్యం ఎడమ భుజం మీది నుంచి కుడి భుజం మీదికి మారుతుంది. జంధ్యం లేనివారు ఉత్తరీయం అలా వేసుకుంటారు. కర్త కూర్చునే దిక్కు కూడా దక్షిణం. అన్నయ్య అలవాటు కొద్దీ వేళ్ళ చివరి నుంచి పోసేస్తుంటే పురోహితుడుగారు ఓపికగా బొటనవేలు పట్టుకుని వంచి చూపించారు.

పిండానికి ఉప్పు లేకుండా గుప్పెడు బియ్యం వండి, మెత్తగా మెదిపి, నువ్వులు కలిపి ముద్ద చేస్తారు. అన్నం పొడిపొడిగా ఉంటే ముద్ద విడిపోతుంది, కాబట్టి నీళ్ళు కాస్త ఎక్కువ పోసి వండండి.

ఈ పిండాలు ఎందుకో గరుడపురాణం చెబుతుంది. ప్రేతకు ఒళ్ళు లేదు కదా. రోజుకొక పిండంతో ఆ ఒళ్ళు తయారవుతుంది. మొదటి పిండంతో తల. రెండో దానితో మెడ, భుజాలు. మూడో దానితో గుండె. తర్వాత వీపు, నాభి, నడుము, తొడలు, మోకాళ్ళు, పాదాలు. పదో పిండంతో ఆకలి, దప్పిక పుడతాయి. కడుపులో బిడ్డకు తల్లి ఒళ్ళు ఇచ్చినట్టు, పోయిన తండ్రికి కొడుకు ఒళ్ళు ఇస్తాడు. ఈ అర్థం తెలిసిన రోజు నుంచి అన్నయ్య రేవుకు వెళ్ళడం మారిపోయింది. నాలుగో రోజు వచ్చి అమ్మతో "ఇవాళ నాన్నకు వీపు వచ్చిందమ్మా" అన్నాడు. చిన్నప్పుడు మమ్మల్ని మోసిన వీపు అది. అమ్మ ఆ పూట మొదటిసారి సరిగా అన్నం తిన్నది.

సెలవు లేక రోజూ చేయలేనివాళ్ళు పదో రోజున పది పిండాలూ కలిపి పెట్టడం కూడా ఉంది. వీలైతే మాత్రం రోజూ చేయండి. ఒకేపూట పది ముద్దలు పెడితే ఈ వరస మనసుకు పట్టదు.

పిండం కాకికి పెడతారు. ఉత్తరకాండలో ఒక కథ ఉంది. మరుత్తుడి యాగానికి రావణుడు వచ్చినప్పుడు దేవతలు భయపడి పక్షులు, జంతువుల రూపాల్లో దాక్కున్నారు. యముడు కాకి రూపం ఎత్తాడు. ఆపద గడిచాక కాకికి వరమిచ్చాడు: నా లోకంలో ఉన్నవాళ్ళు, మనుషులు నీకు పెట్టినది నువ్వు తింటే తృప్తి పడతారని. అందుకే కాకి ముట్టిందా లేదా అని అందరూ అంతగా చూస్తారు.

ముట్టకపోతే? మాకు ఆరో రోజున రాలేదు. మేనత్త "అన్నయ్యకు ఏదో కోరిక మిగిలిపోయింది" అని ఏడవడం మొదలుపెట్టింది. ఆ రోజు మేము వెళ్ళేసరికి పన్నెండు దాటింది, మండే ఎండ, మేం పదిహేనుమందిమి దాని చుట్టూనే నిలబడ్డాం. కాకి ఎలా వస్తుంది? మర్నాడు ఎనిమిదిన్నరకే వెళ్ళి, ఆకు చెట్టు కింద పెట్టి, దూరంగా మెట్ల మీద కూర్చున్నాం. పది నిమిషాల్లో మూడు వచ్చాయి. ఎంతసేపటికీ రాకపోతే ఆవుకు పెట్టవచ్చు, లేదా నీటిలో కలిపేయవచ్చు. పోయినవాడి కోరికలను కాకి మీద పెట్టి ఇంట్లో ఆడవాళ్ళను క్షోభ పెట్టకండి.

పదో రోజు

ఆఖరి పిండం, ఆ తర్వాత జ్ఞాతులందరూ వచ్చి ధర్మోదకాలు వదులుతారు. ఇన్నాళ్ళూ ఆవాహన చేసిన రాయిని నీళ్ళల్లో వదిలేస్తారు. క్షౌరం, స్నానం, ఇల్లు కడగడం, బట్టలన్నీ ఉతకడం. మైల పోతుంది.

ఈ రోజునే చాలా ఇళ్ళల్లో భర్త పోయిన ఆవిడకు పసుపు పూసి, పూలు పెట్టి, నలుగురి ముందూ కూర్చోబెట్టి, గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, సూత్రం తీస్తారు. దీని గురించి నేను నిలబడి చెప్పదలచుకున్న మాట ఒకటుంది. తొమ్మిదో రోజు రాత్రి పురోహితుడిగారిని సూటిగా అడిగాను: ఇది చేయకపోతే నాన్నగారి కర్మకు ఏమైనా లోపమా అని. పిండాలకు గానీ, రాబోయే సపిండీకరణానికి గానీ దీనితో సంబంధం లేదమ్మా, ఇది ఆచారం, మీ ఇష్టం అన్నారు. ఆ మాట అమ్మకు చెప్పాం. అమ్మ తెల్లవారుజామున దీపం దగ్గర ఒక్కతే కూర్చుని సూత్రాలు తనే తీసి పెట్టెలో పెట్టుకుంది. గాజులు, బొట్టు ఉంచుకుంది. బయటివాళ్ళను ఎవరినీ రానివ్వలేదు. వీరేశలింగం గారు 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం చేయించిన ఊరు మాది. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఇది తప్పదనే పెద్దవాళ్ళు ఉన్నారు. మీ ఇంట్లో ఆవిడ ఏం కోరుకుంటున్నారో ముందురోజే ఏకాంతంగా అడగండి. అడిగేది కూతురో కోడలో అయితే మంచిది. ఆవిడ ఏది చెబితే అదే చేయండి, ఉంచుకుంటానన్నా, తీసేస్తానన్నా.

పదకొండో రోజు, దానాలు

ఇవాళ్టిది ఏకోద్దిష్టం, అంటే ఒక్కరినే ఉద్దేశించి చేసేది. మామూలు తద్దినంలో విశ్వేదేవతలు, మూడు తరాలు ఉంటారు. ఇందులో పోయినవారొక్కరే. ఒక పిండం, ఆయన పేరున భోజనానికి కూర్చునే భోక్త ఒక్కరు. తయారైన కొత్త ఒంటితో ఆయన తినే మొదటి భోజనం అనుకోండి. ఏకోద్దిష్టానికి భోక్తగా వచ్చేవారు తక్కువ. ఐదో రోజుకల్లా పురోహితుడితో చెప్పి ఖాయం చేసుకోండి.

దానాలు కూడా ఈ రోజుల్లోనే ఇస్తారు. గోవు, భూమి, నువ్వులు, బంగారం, నెయ్యి, వస్త్రం, ధాన్యం, బెల్లం, వెండి, ఉప్పు, ఇవి దశదానాలు. గొడుగు, చెప్పులు, నీళ్ళచెంబు, పరుపు లాంటివీ ఇస్తారు. ఆయన ఏడాదిపాటు నడవాల్సిన దారికి ఇవి. గోవు వైతరణి దాటడానికి. గోవుకూ భూమికీ బదులు యథాశక్తి డబ్బు ఇవ్వడం అంతటా ఉంది.

మొహమాటపడి అప్పులు చేసేది ఇక్కడే. మొత్తం కార్యక్రమానికి సంభావన ఎంత, సరుకులు ఎవరు తేవాలి, ఏ దానం ఎలా ఇస్తాం అన్నది మూడో రోజు లోపు మాట్లాడుకుని రాసుకోండి. మాట్లాడేది కర్త కాకుండా అల్లుడో బాబాయో అయితే ఇబ్బంది ఉండదు. విష్ణుపురాణం మూడో అంశంలో శ్రాద్ధం గురించి చెబుతూ, ఏమీ లేనివాడు ఏడెనిమిది నువ్వులతో నీళ్ళు వదిలినా చాలని, ఆవుకు గడ్డి వేసినా చాలని, అదీ లేకపోతే చేతులు పైకెత్తి "నా దగ్గర ధనం లేదు, భక్తి ఉంది, దానితో తృప్తి పడండి" అని పితృదేవతలకు చెప్పుకున్నా చాలని ఉంది. ఎవరైనా "ఇంత కూడా చేయరా" అంటే ఈ మాట చెప్పండి.

పన్నెండో రోజు: సపిండీకరణం

ఇన్ని రోజులూ ఒంటరిగా ఉన్న మనిషికి ఇవాళ తోడు దొరుకుతుంది. దీన్ని అసలు ఏడాది చివర చేయాలి. ఈలోపు కర్తకు ఏమవుతుందో, ఇంట్లో ఏ శుభకార్యం వస్తుందో తెలియదు కాబట్టి పన్నెండో రోజునే చేసేస్తారు.

నాన్నగారికి ఒక పొడవాటి పిండం. పక్కన మూడు గుండ్రటి పిండాలు: వాళ్ళ నాన్నగారికి, తాతగారికి, ముత్తాతగారికి. కర్త నాన్నగారి పిండాన్ని దర్భతో మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో పిండంలో కలిపేస్తాడు. నీళ్ళూ అలాగే కలుపుతారు. అప్పుడు చదివేవాటిలో ఋగ్వేదం చిట్టచివరి సూక్తంలోని "సమానీ వ ఆకూతిః" అనే మంత్రం ఉంది. మీ సంకల్పం ఒకటి అగుగాక, మీ హృదయాలు ఒకటి అగుగాక అని. కలిపేశాక ఇక నాలుగు పిండాలు లేవు, మూడే. అక్కడి నుంచి ప్రేత అన్న మాట వాడరు. వసు, రుద్ర, ఆదిత్య రూపులని చెప్పే మూడు తరాల్లో నాన్నగారు వసు స్థానంలో చేరారు. తాతగారు రుద్ర స్థానానికి, ముత్తాతగారు ఆదిత్య స్థానానికి జరిగారు. అందరికంటే పెద్దాయన ఆ వరసలోంచి ముందుకు వెళ్ళిపోయారు. తల్లికి చేసేటప్పుడు ఆవిడ అత్తగారు, ఆ అత్తగారి అత్తగారు, అలా పై తరాల ఆడవాళ్ళతో కలుపుతారు.

అన్నయ్య ఆ ముద్దను కలపడానికి చాలాసేపు పట్టింది. కలిపితే ఇక నాన్న విడిగా ఉండరు. పురోహితుడుగారు తొందర పెట్టలేదు. "ఆయన వాళ్ళ నాన్న దగ్గరికి వెళుతున్నారు బాబూ" అన్నారు. మా తాతగారు నాన్నగారి పదకొండో ఏట పోయారు. అప్పటికి అన్నయ్య చేతులు కదిలాయి.

మేము ఇబ్బంది పడ్డది పేర్ల దగ్గర. తాతగారి పేరు తెలుసు. వాళ్ళ నాన్నగారి పేరు అమ్మకు తెలుసు. ఆ పైవారి పేరు పీటల మీద కూర్చున్నాక అడిగితే ఎవరికీ తెలియదు. కార్యక్రమం ఆపి, అమలాపురంలో ఉన్న ఎనభై ఏడేళ్ళ పెద్దమ్మకు ఫోను చేశాం. ఆవిడకు వినపడదు, మనవరాలు చెవిలో అరిచి చెప్పింది. ఆవిడ తడుముకోకుండా పేరు చెప్పేశారు. అసలు తెలియని పక్షంలో కూడా జరిపించే మార్గాలు ఉన్నాయి, గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెబుతారు. కానీ అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే అడిగి ఉంచుకోండి.

పదమూడో రోజు, ఆ తర్వాత

శుభస్వీకారం. పుణ్యాహవాచనం చేసి, దేవుడి దగ్గర మళ్ళీ దీపం పెడతారు. వియ్యాలవారు, పుట్టింటివారు బట్టలు పెడతారు. వంటింట్లో తాలింపు వేస్తారు, తీపి వండుతారు. వచ్చిన అందరికీ భోజనం, దాన్ని వైకుంఠ సమారాధన అని పిలిచే ఇళ్ళు కూడా ఉన్నాయి. ఇన్నాళ్ళూ బయట ఉన్న ఇంటివాళ్ళను మళ్ళీ మామూలు లోకంలోకి చేయి పట్టి తీసుకొస్తారు. పన్నెండు రోజుల తర్వాత ఆవాలు చిటపటలాడిన చప్పుడు వినగానే అమ్మ ఏడ్చింది, తర్వాత గిన్నె తనే అందుకుని వడ్డించింది.

ఏడాదిపాటు నెలనెలా అదే తిథికి మాసికం పెట్టాలి. ఏడాది నిండాక ఆబ్దికం. ఈ ఏడాది పెళ్ళిళ్ళు, గృహప్రవేశాల లాంటి శుభకార్యాలు ఆ ఇంట చేయరు. విదేశాల్లో ఉన్నవాళ్ళు మాసికం తేదీలు పన్నెండూ ఒకేసారి పురోహితుడి చేత రాయించుకుని ఫోను కేలెండర్లో పెట్టుకోండి. వాళ్ళ ఊరి పంచాంగం ప్రకారం తిథి ఒకరోజు అటూ ఇటూ కావచ్చు, రాయించుకునేటప్పుడు మీరుండే ఊరు పేరు చెప్పండి.

అన్నయ్య ప్రయాణానికి ముందురోజు మేం ముగ్గురం కూర్చుని ఒక తెల్లకాగితం మీద రాశాం. గోత్రం, సూత్రం. నాన్నవైపు నాలుగు తరాల మగవారి పేర్లు, ఆడవారి పేర్లు. అమ్మవైపు మూడు తరాలు. నాన్నగారు పోయిన మాసం, పక్షం, తిథి, టైము. మూడు జెరాక్సులు తీయించి తలొకటి తీసుకున్నాం. అసలు కాగితాన్ని అమ్మ పిన్నిగారు రాసిన చీటీతో కలిపి దేవుడి అలమరలో పంచాంగం కింద పెట్టింది.